బిర్యానీ హోటళ్ళ యజమానులకు, వంటమాస్టర్లకు: సలాడ్ ప్లేటు గురించి ఒక బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో బిర్యానీ హోటళ్ళు నడుపుతున్న యజమానుల సంఘాలకు, ఆ హోటళ్ళ వంటగదులు చూసుకునే మాస్టర్లకు, సూపర్‌వైజర్లకు నమస్కారం. ఈ లేఖ రాస్తున్న మాలో కొందరం ఆహార సూక్ష్మజీవశాస్త్రం పాఠాలు చెప్పేవాళ్ళం, మిగతావాళ్ళం హోటల్ సిబ్బందికి వంటగది పరిశుభ్రతలో తర్ఫీదు ఇచ్చేవాళ్ళం.

బిర్యానీ మీద మాకు ఫిర్యాదు లేదు. హండీకి సరిగ్గా దమ్ పడి, ముక్క లోపలి దాకా 75 డిగ్రీల సెల్సియస్ చేరితే కోడిమాంసంతో వచ్చే సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ అనే జబ్బు క్రిములు బతకవు. మా దిగులంతా బిర్యానీ పక్కన ఉచితంగా పెట్టే చిన్న ప్లేటు గురించి. నాలుగు ఉల్లి చక్రాలు, నాలుగు కీరా ముక్కలు, ఒక నిమ్మచెక్క, కొన్నిచోట్ల క్యారెట్. బిర్యానీతో పాటు బల్ల మీదికి వచ్చేవాటిలో పొయ్యి ముఖం చూడనివి ఇవే. పెరుగుచట్నీలో కలిపే పచ్చి ఉల్లి, కొత్తిమీర కూడా ఈ కోవలోకే వస్తాయి. వాటి మీదికి ఏ క్రిమి చేరినా, దాన్ని చంపే మెట్టు తర్వాత ఎక్కడా లేదు. చేరింది చేరినట్టే తినేవాళ్ళ కడుపులోకి పోతుంది.

అది చేరే దారి మీ అందరికీ తెలిసినదే. పొద్దున చికెన్ వస్తుంది. బిర్యానీ ముక్కలు మొద్దు మీద కొట్టించి తెచ్చినా, చికెన్ 65కి బోన్‌లెస్‌ను చిన్న ముక్కలు చేయడం, లెగ్‌పీసులకు గాట్లు పెట్టడం మీ వంటగదిలోనే, కటింగ్ బోర్డు మీదే జరుగుతుంది. అది ముగిసేసరికి పదిన్నరో పదకొండో అవుతుంది. పన్నెండుకల్లా గిరాకీ మొదలు. హెల్పర్ బోర్డు మీద ఒక మగ్గు నీళ్ళు పోసి, భుజం మీది గుడ్డతో తుడిచి, అదే చాకుతో ఉల్లిపాయలు అందుకుంటాడు. చూడటానికి బోర్డు శుభ్రంగానే ఉంటుంది. నెత్తురు మరక కనిపించదు, వాసన రాదు.

కనిపించని దాన్ని లెక్కలో పెట్టి చూద్దాం. ఈ అంకెలు ఏ హోటల్లోనూ కొలిచినవి కావు, ఉదాహరణకు తీసుకున్నవి. పచ్చి చికెన్ నుంచి కారిన నీటిలో మిల్లీలీటరుకు వెయ్యి సాల్మొనెల్లా క్రిములు ఉన్నాయనుకోండి. బోర్డు గాట్లలో, చాకు పిడి దగ్గర కలిపి రెండు మిల్లీలీటర్లు మిగిలింది. అంటే రెండు వేల క్రిములు. ఆ బోర్డు మీద కోసిన కీరా తడికి వాటిలో పదో వంతు అంటుకుంది. రెండు వందలు. పెద్దగా భయపడాల్సిన సంఖ్య కాదు. కానీ కోసిన కీరాను స్టీలు గిన్నెలో పోసి, వేసవిలో పొయ్యిల పక్కన మూడు గంటలు వదిలేశారు. అక్కడి వేడికి 45 నిమిషాలకు ఒకసారి క్రిములు రెట్టింపు అయ్యాయనుకుంటే, మూడు గంటల్లో నాలుగు రెట్టింపులు. రెండు వందలు కాస్తా మూడు వేల రెండు వందలవుతాయి. మధ్యాహ్నం పన్నెండుకు తిన్నవాడికి ఏమీ కాకపోవచ్చు, అదే గిన్నెలోంచి మూడున్నరకు తిన్నవాడు పడకేయవచ్చు. ‘అందరూ తిన్నారు, ఒక్కరికే ఎందుకొచ్చింది’ అని మీరు అడిగే ప్రశ్నకు జవాబు చాలాసార్లు ఇందులోనే ఉంటుంది.

కాంపైలోబాక్టర్ తీరు వేరు. అది మామూలు గాలిలో, గది వేడిలో పెరగదు. బోర్డు పూర్తిగా ఆరితే చాలామటుకు చచ్చిపోతుంది కూడా. అయితే జబ్బు చేయడానికి దానికి పెరగాల్సిన పనే లేదు. సుమారు ఐదు వందల క్రిములు కడుపులోకి వెళ్ళినా మనిషికి జబ్బు చేయగలదని ప్రయోగాల్లో తేలింది. ఆ మాత్రం క్రిములకు కొన్ని చుక్కల చికెన్ నీరు చాలు. అందుకే ‘కోయగానే వడ్డించేశాం, నిలవ ఉంచలేదు’ అన్న సమాధానం సాల్మొనెల్లా విషయంలో కొంత నిలబడుతుంది గానీ, దీని ముందు నిలబడదు.

ఇక ‘మా హోటల్ మీద ఇంతవరకు ఒక్క ఫిర్యాదు రాలేదు’ అనే మాట. సాల్మొనెల్లా లక్షణాలు తిన్న ఆరు గంటల నుంచి మూడు రోజుల్లోపు ఎప్పుడైనా మొదలవుతాయి. కాంపైలోబాక్టర్‌కు సాధారణంగా రెండు నుంచి ఐదు రోజులు పడుతుంది. ఆదివారం మీ దగ్గర తిన్న మనిషికి బుధవారం జ్వరం, కడుపునొప్పి, విరేచనాలు పట్టుకుంటే అతను మంగళవారం తిన్న బండి ఇడ్లీని తిడతాడు. మీ పేరు అతనికి గుర్తు కూడా రాదు. ఎవరైనా గుర్తుపట్టినా నింద బిర్యానీ మీద వేస్తారు, సలాడ్ మీద కాదు. అధికారులు వచ్చి బిర్యానీ శాంపిల్ తీసుకెళ్తే అందులో ఏమీ దొరకదు. ఫిర్యాదు రాకపోవడం మీ బోర్డు శుభ్రతకు రుజువు కాదు.

అసలు కారణం పట్టించే గుర్తు ఒకటుంది. జబ్బుపడ్డవాళ్ళలో చికెన్ ముట్టని వాళ్ళు, వెజ్ బిర్యానీ, పనీర్ తిన్నవాళ్ళు ఉంటే, అందరి ప్లేట్లలో ఉమ్మడిగా ఏం ఉందో చూడాలి. చాలాసార్లు అది పచ్చిగా తిన్నదే అవుతుంది.

సరిగ్గా ఇలాంటి ఘటన ఒకటి వివరాలతో సహా నమోదై ఉంది. 1996 ఆగస్టులో అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో ఒక రెస్టారెంట్‌లో మధ్యాహ్న భోజనం చేసిన 14 మంది కాంపైలోబాక్టర్ జబ్బున పడ్డారు. ఆరోగ్యశాఖ వాళ్ళు ఎవరెవరు ఏమేం తిన్నారో ఆరా తీస్తే అనుమానం పచ్చి లెట్యూస్ ఆకు మీదికి, లజానియా అనే వంటకం మీదికి వెళ్ళింది. ఆ రోజు వంటమనిషి రాత్రి భోజనానికి కావలసిన పచ్చి చికెన్‌ను ముందు కోసింది. ఆ తర్వాత మధ్యాహ్నం సలాడ్లు, సాండ్‌విచ్‌లు తయారుచేసింది. చికెన్‌ను, సలాడ్‌ను దూరంగా పెట్టుకునేంత పెద్ద బల్ల ఆ వంటగదిలో లేదు. నడుముకు ఒక తువ్వాలు చుట్టుకుని, మాటిమాటికీ దానికే చేతులు తుడుచుకుంది.

ఇందులో మేము తర్ఫీదు తరగతుల్లో గట్టిగా చెప్పేది ఒక్క ముక్క. ఆ వంటగదిలో బల్లలు తుడవడానికి క్లోరిన్ కలిపిన నీళ్ళు ఉన్నాయి. కావలసినంత గాఢతలోనే ఉన్నాయి. కానీ చికెన్ కోసిన తర్వాత, సలాడ్ కోసేముందు ఆ బల్లను వాటితో శుభ్రం చేశారా లేదా అన్నది ఎవరూ ఖచ్చితంగా చెప్పలేకపోయారు. మందు బకెట్ మూలన ఉంది, పని జరిగిందో లేదో తెలియదు. తనిఖీకి వచ్చిన అధికారికి బకెట్ చూపించి పంపేసే మన వంటగదులకూ దానికీ తేడా ఏమీ లేదు. విచారణ తర్వాత ఆ రెస్టారెంట్‌కు ఇచ్చిన సలహాల్లో రెండు చాలా సాదా సీదావి: పని బల్ల పెద్దది చేసుకోండి, చేతులు తుడుచుకోవడానికి వాడి పారేసే కాగితం పెట్టండి.

రాత్రికని కోసిన ఆ చికెన్ తిని ఎవరూ జబ్బుపడలేదన్నమాట. మధ్యాహ్నానికి అది ఇంకా పొయ్యి ఎక్కలేదు.

మీ వంటగది సంగతికి వస్తే, మొదటి మార్పు పైసా ఖర్చు లేనిది: వరస తిప్పండి. సలాడ్ ముందు, చికెన్ తర్వాత. పొద్దున బోర్డు, చాకు, చేతులు అన్నీ శుభ్రంగా ఉన్నప్పుడే ఉల్లి, కీరా, క్యారెట్, నిమ్మ కోసేసి, మూతపెట్టి ఫ్రిజ్‌లో పై అరలో పెట్టేయండి. చికెన్ కవరు విప్పేది ఆ తర్వాతే. ‘పొద్దునే కోస్తే ఉల్లి వాడిపోతుంది, ఘాటు పోతుంది’ అని మాస్టర్లు అంటారు. అది నిజమే గానీ, 5 డిగ్రీల లోపు చల్లదనంలో మూతపెట్టి ఉంచిన ఉల్లి చక్రాలు మధ్యాహ్నం గిరాకీకి ఢోకా లేకుండా పనికొస్తాయి. కీరాకు నీరు ఊరుతుంది కాబట్టి గిన్నె అడుగున చిల్లుల పళ్ళెం పెట్టండి. ఫ్రిజ్‌లో పచ్చి చికెన్ ఎప్పుడూ అన్నిటికంటే కింది అరలో ఉండాలి. సలాడ్ గిన్నె మీద మారినేషన్ గిన్నె పెడితే పైన చెప్పిన శ్రమంతా ఒక్క చుక్కతో పోతుంది.

రెండో మార్పు విడి బోర్డు, విడి చాకు. పెద్ద వంటగదుల్లో రంగుల పద్ధతి వాడతారు: పచ్చి మాంసానికి ఎరుపు, పచ్చి చేపకు నీలం, వండిన మాంసానికి పసుపు, సలాడ్‌కు, పండ్లకు ఆకుపచ్చ. బిర్యానీ హోటల్‌కు ఇన్ని రంగులు పెట్టి అందరినీ గందరగోళంలో వేయనక్కర్లేదు. ఎరుపు, ఆకుపచ్చ రెండు చాలు. చాకు పిడి రంగు కూడా బోర్డు రంగుతో కలవాలి. ఎర్ర బోర్డు చికెన్ సింక్ పక్కనే, పచ్చ బోర్డు దానికి వీలైనంత దూరాన, వంటగది రెండో కొసన ఉండాలి. రెండూ ఒకే గోడకు వేలాడదీస్తే ఎర్ర బోర్డు నుంచి కారే నీళ్ళు పచ్చదాని మీద పడతాయి. ఇది మేము ఊహించి చెబుతున్నది కాదు, వేలాడదీసే మేకులు చాలా వంటగదుల్లో పక్కపక్కనే ఉంటాయి.

విడి బోర్డు కొన్నాక కూడా క్రిములు దాటిపోయే చోట్లు ఉన్నాయి. బోర్డు జారకుండా కింద పరిచే తడిగుడ్డ వాటిలో మొదటిది. చికెన్ నీళ్ళు బోర్డు అంచు మీదుగా కిందికి దిగి ఆ గుడ్డలో ఇంకుతాయి. సాయంత్రం అదే గుడ్డ పచ్చ బోర్డు కిందికి పోతుంది. చాకు పదును చేసే కడ్డీ రెండోది. ఎర్ర పిడి చాకునూ, పచ్చ పిడి చాకునూ ఒకే కడ్డీకి గీస్తే రంగులు పెట్టి ఏం లాభం? సలాడ్ చాకును పొద్దున మొదట గీసి పక్కన పెట్టేయండి, లేదా రెండు కడ్డీలు ఉంచండి. ఇక అన్నిటికన్నా గడ్డు చోటు కొళాయి తిప్పే పిడి. చికెన్ చేత్తో కొళాయి విప్పుతారు, చేతులు కడుగుతారు, కడిగిన చేత్తో అదే పిడి మళ్ళీ పట్టుకుని కట్టేస్తారు. మోచేత్తో తిప్పే పొడవాటి పిడి కొళాయి ఒకటి చికెన్ సింక్‌కు బిగిస్తే ఈ గొడవ పోతుంది. అది కుదరకపోతే కాగితంతో పట్టుకుని కట్టాలి.

చేతి గ్లౌజులు మందు కాదు. గ్లౌజు తొడిగిన చేత్తో చికెన్ కలిపి, అదే గ్లౌజుతో నిమ్మచెక్కలు ప్లేట్లలో సర్దితే వట్టి చేతికన్నా అధ్వానం, ఎందుకంటే వట్టి చేతికి జిగట తగిలితే కడుక్కోవాలనిపిస్తుంది, గ్లౌజు లోపలి చేతికి ఏమీ తగలదు.

చికెన్ కడగడం గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర కడగకుండా వండమంటే ఎవరూ వినరు. కొళాయి ధార కింద కడిగితే తుంపరలు చుట్టుపక్కల పడతాయి, ఉప్పు, పసుపు, నిమ్మ వేసి కడిగినంత మాత్రాన ఈ క్రిములు పోవు. అయితే దోషమంతా కడగడంలోనే ఉందనుకోవడం కూడా పొరపాటే. అమెరికా వ్యవసాయశాఖ 2019లో వెలువరించిన ఒక పరిశీలనలో, చికెన్ కడిగిన వంటవాళ్ళలో 26 శాతం మంది సలాడ్ ఆకులోకి చికెన్ మీది బాక్టీరియా చేరింది. చికెన్ కడగనివాళ్ళ సలాడ్‌లోనూ 31 శాతం మందికి చేరింది! అంటే సింక్‌లో తుంపరలు పడకపోయినా చేతుల ద్వారా, సామాన్ల ద్వారా అది సలాడ్ దాకా వెళ్ళగలిగింది. కడగాల్సిందే అంటే లోతైన గిన్నెలో నీళ్ళు పోసి, మునిగేలా ఉంచి, మెల్లగా కడిగి, నీళ్ళు నేరుగా తూములోకి వంచేయండి. ఆ సింక్‌లో సలాడ్ కూరగాయలు కడగొద్దు.

ఇక బోర్డు కడిగే పద్ధతి. దీనికి నాలుగు మెట్లు, వరస ముఖ్యం. ముందు గీకాలి: అంటుకున్న కొవ్వు, తొక్క ముక్కలు స్టీలు గీకుడు బిళ్ళతో తీసేయాలి. తర్వాత చెయ్యి భరించేంత వేడినీళ్ళు, లిక్విడ్ సోపు, గట్టి బ్రష్. స్క్రబ్బర్ గాట్లలోకి వెళ్ళదు, బ్రష్ కుచ్చులు వెళ్తాయి. రెండు వైపులా, నాలుగు అంచులూ రుద్దాలి. చాకు అయితే పిడి, అలుగు కలిసే కీలు దగ్గర పాత టూత్‌బ్రష్ లాంటి చిన్న బ్రష్‌తో. ఆ తర్వాత సోపు పూర్తిగా పోయేలా మంచినీళ్ళతో కడగాలి. చివరగా క్లోరిన్ నీళ్ళు.

చాలామంది మొదటి మూడు మెట్లు వదిలేసి నేరుగా క్లోరిన్ నీళ్ళు చల్లుతారు. చికెన్ కొవ్వు, మాంసకృత్తులు క్లోరిన్‌ను తినేస్తాయి. జిడ్డు ఉన్న బోర్డు మీద మందు దాని మీదే ఖర్చయిపోయి, కింద దాగిన క్రిముల దాకా చేరదు.

క్లోరిన్ నీళ్ళ కొలత ఇలా. బజారులో దొరికే సోడియం హైపోక్లోరైట్ ద్రావణం 5 శాతం గాఢత ఉందని సీసా మీద రాసి ఉంటే, 10 లీటర్ల నీళ్ళకు 20 మిల్లీలీటర్లు. దీంతో పది లక్షల భాగాలకు వంద భాగాల క్లోరిన్ వస్తుంది. బ్లీచింగ్ పౌడర్ వాడేవాళ్ళు, కొత్త ప్యాకెట్‌లో 30 శాతం క్లోరిన్ ఉందనుకుంటే, 10 లీటర్లకు మూడున్నర నుంచి నాలుగు గ్రాములు కలిపి, మట్టు పేరుకోనిచ్చి పైన తేటను వాడాలి. విప్పి మూలన పడేసిన బ్లీచింగ్ పౌడర్ బలం వారాల్లో తగ్గిపోతుంది, కొలత సరిగ్గా వేసినా పని చేయదు. క్లోరిన్ పరీక్షించే కాగితపు పట్టీలు దొరుకుతాయి. ముంచి రంగు చూసుకోవడమే. పట్టీ 50 కంటే తక్కువ చూపిస్తే నీళ్ళు మార్చేయాలి. నీళ్ళు మసకబారినా మార్చాలి, పట్టీ చూడక్కర్లేదు.

ఈ నీళ్ళు బోర్డు అంతటా పారేలా పోసి, రెండు నిమిషాలు తడిగా ఉంచాలి. పోసిన వెంటనే తుడిస్తే మందు పనిచేయడానికి సమయం దొరకదు. రెండు నిమిషాలయ్యాక నీళ్ళు ఓడ్చి, బోర్డును నిలువుగా నిలబెట్టి గాలికి ఆరనివ్వాలి. గుడ్డతో తుడవొద్దు. ఇంత చేసి ఆ గుడ్డతో తుడిస్తే ఓక్లహోమా వంటమనిషి తువ్వాలు దగ్గరికే వస్తాం. క్లోరిన్‌ను టాయిలెట్ క్లీనర్‌తోగానీ, వెనిగర్‌తోగానీ, ఏ ఆమ్లంతోగానీ కలపొద్దు. విషవాయువు వస్తుంది. ఇది హెల్పర్లకు విడిగా చెప్పాలి, ఎందుకంటే రెండు సీసాలూ ఒకే అరలో పెట్టే అలవాటు ఉంది.

మరిగే నీళ్ళు పుష్కలంగా ఉన్న వంటగదికి క్లోరిన్ లేకుండా ఇంకో దారి ఉంది. కడిగిన చాకును 77 డిగ్రీల కంటే తగ్గని వేడినీళ్ళలో అర నిమిషం ముంచి ఉంచడం. పలావు గిన్నె పక్కన నీళ్ళ గిన్నె ఎలాగూ మరుగుతూ ఉంటుంది కాబట్టి చాకులకు ఇది సులువు. పెద్ద బోర్డు అందులో మునగదు, ప్లాస్టిక్ బోర్డు వంగిపోవచ్చు కూడా.

మీ కడుగుడు నిజంగా గాట్లలోకి వెళ్తోందో లేదో తెలుసుకోవడానికి చవకైన పరీక్ష చెబుతాం. మందుల తయారీ కంపెనీల్లో పాత్రలు కడిగే నీళ్ళు అన్ని మూలలకూ చేరాయో లేదో చూడటానికి రైబోఫ్లేవిన్, అంటే బి2 విటమిన్ వాడతారు. నల్లని అతినీలలోహిత కాంతిలో అది పసుపుపచ్చగా మెరుస్తుంది. క్యాష్ కౌంటర్ దగ్గర దొంగనోట్లు చూసే లైటు చాలు. మాత్రకు 10 మిల్లీగ్రాముల రైబోఫ్లేవిన్ ఉన్న బి-కాంప్లెక్స్ మాత్రలు ఐదు తీసుకుని, పొడి చేసి, పావు లీటరు నీళ్ళలో కలిపి వడకట్టండి. ఎర్ర బోర్డు మీద, చాకు మీద, పిడి మీద పూసి కొద్దిసేపు ఆరనివ్వండి. హెల్పర్‌కు ఏమీ చెప్పకుండా రోజూ కడిగినట్టే కడగమనండి. తర్వాత లైటు ఆర్పి, దొంగనోట్ల లైటు వేసి చూడండి. గాట్ల గీతలు, అంచు, చాకు పిడి కీలు, కొళాయి పిడి, ఒక్కోసారి హెల్పర్ గోళ్ళ సందులు మెరుస్తాయి. పరీక్ష సింక్ ఖాళీగా ఉన్న సమయంలో చేసి, అయ్యాక నాలుగు మెట్లతో మళ్ళీ కడగండి. ఈ పరీక్షకు హద్దు ఉంది: బ్రష్ చేరని చోటు చూపిస్తుందే తప్ప క్రిములు చచ్చాయా లేదా చెప్పదు. కానీ హెల్పర్‌కు వంద మాటలు చెప్పే పని ఒక్క చూపుతో అవుతుంది, ఆ మెరిసే చోట్లను అతను మళ్ళీ మర్చిపోడు.

గాట్లు పడి, బ్రష్‌తో రుద్దినా మెరుపు పోని ప్లాస్టిక్ బోర్డు పారేయాల్సిందే. గోరు అడ్డంగా గీస్తే గాటులో ఆగిపోతుంటే కాలం తీరినట్టు. మందంగా ఉంటే పైపొర చెక్కించి మళ్ళీ వాడవచ్చు. చింతమొద్దు సంగతి అడిగేవాళ్ళున్నారు. చెక్క పీల్చిన క్రిములు లోపల మెల్లగా చచ్చిపోతాయనీ, బాగా గాట్లు పడిన ప్లాస్టిక్ కడగడం అంతకంటే కష్టమనీ పరిశోధనలున్నాయి. మొద్దును చికెన్‌కు వాడటంలో మాకు అభ్యంతరం లేదు. అది నాలుగు మెట్లకు లొంగదు కాబట్టి దాని మీద ఉల్లి, కొత్తిమీర, నిమ్మ ఎప్పుడూ కోయకూడదు. చివరికి ‘పైపైన అలా పెట్టి’ అయినా సరే.

రెండు అపోహలు తీర్చాలి. ఉల్లి ఘాటు, నిమ్మ పులుపు క్రిములను చంపేస్తాయన్నది ఒకటి. ముక్క మీద రెండు చుక్కలు పిండిన నిమ్మరసం అంతటా పారదు, ఉన్న చోట కూడా నోట్లో పెట్టుకునేలోపు వేల క్రిములను చంపే సమయం దానికి ఉండదు. తాజా చికెన్‌లో ఏమీ ఉండదు, చెడిపోయిన దాంట్లోనే ఉంటుందన్నది రెండోది. చెడు వాసన తెచ్చే బాక్టీరియా వేరు, జబ్బు చేసేది వేరు. ఇవాళే కోసిన కోడి పేగుల్లోంచి మాంసం మీదికి వచ్చిన కాంపైలోబాక్టర్‌కు వాసన ఉండదు. బ్రిటన్‌లో ఆహార ప్రమాణాల సంస్థ 2014-15లో దుకాణాల్లో అమ్మే తాజా కోళ్ళను పరీక్షిస్తే 73 శాతం వాటి మీద అది కనిపించింది. అవన్నీ తినడానికి బాగున్నవే.

2024 అక్టోబర్‌లో తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను ఏడాది పాటు నిషేధించినప్పుడు ఊరంతా దాని గురించే మాట్లాడింది. పచ్చి గుడ్డు మీద పెట్టిన ఆ శ్రద్ధలో కొంచెం పచ్చి ఉల్లి చక్రం మీద కూడా పెట్టమంటున్నాం. చట్టం విషయానికి వస్తే కొత్తదేమీ అక్కర్లేదు. 2011 నాటి ఆహార భద్రత లైసెన్సింగ్ నిబంధనల నాలుగో షెడ్యూల్ పచ్చి పదార్థాలను తినడానికి సిద్ధంగా ఉన్నవాటితో కలవనివ్వొద్దనే చెబుతోంది. మీ లైసెన్సు దాని మీదే ఆధారపడి ఉంది.

సంఘాల నుంచి మేము కోరేది ఇంతే. మీ సభ్య హోటళ్ళన్నిటిలో సలాడ్‌కు ఒక మూల, ఒక పచ్చ బోర్డు, ఒక పచ్చ పిడి చాకు, ఒక మనిషి ఉండాలని తీర్మానం చేయండి. ఆ మనిషి ఆ పూట చికెన్ ముట్టకూడదు. ముగ్గురే పనిచేసే చిన్న హోటల్లో అది కుదరకపోతే సలాడ్ ముందు, చికెన్ తర్వాత అన్న వరసను గోడ మీద తెలుగులో, వంటగదిలో పనిచేసేవాళ్ళ భాష వేరైతే ఆ భాషలో కూడా రాయించండి. ఒడిశా, బిహార్, బెంగాల్ నుంచి వచ్చిన కుర్రాళ్ళు ఉన్న చోట తెలుగు బోర్డు ఒక్కటే పెడితే తనిఖీ అధికారి తప్ప చదివేవాళ్ళుండరు.

ఇంత చేసినా పద్ధతి తప్పే సమయం ఒకటి ఉంటుంది. ఆదివారం ఒంటిగంటన్నరకు బల్లలు నిండి ఉంటాయి, పార్శిళ్ళ కుర్రాళ్ళు కౌంటర్ దగ్గర తోసుకుంటుంటారు, పొద్దున కోసిన సలాడ్ అయిపోతుంది. పచ్చ బోర్డు ఎక్కడుందో వెతికే ఓపిక ఎవరికీ ఉండదు, చేతికందిన చాకుతో, దగ్గర్లో ఉన్న బోర్డు మీద ఎవరో పది ఉల్లిపాయలు తరిగేస్తారు. దానికి ముందే ఒక నిర్ణయం చేసి మాస్టర్‌కు చెప్పి ఉంచండి: పచ్చ బోర్డు దొరకకపోతే ఆ పూట సలాడ్ ఇవ్వం. ఉల్లి లేదని విసుక్కునే గిరాకీకి ఏం చెప్పాలో వెయిటర్లకు ముందే నేర్పండి. పార్శిల్ కవర్లలో కోయని నిమ్మకాయ, తొక్క తీయని చిన్న ఉల్లిపాయ వేసి పంపండి. ఇంట్లో వాళ్ళ చాకుతో వాళ్ళే కోసుకుంటారు.

ఇట్లు,
ఆహార సూక్ష్మజీవశాస్త్ర అధ్యాపకులు, హోటల్ వంటగది పరిశుభ్రత శిక్షకులు